నెల ఖర్చు అరవై రూపాయలు

అన్నయ్య దగ్గు మా వీధి మొదట్లోనే వినిపించేది. నేను అన్నం వడ్డించడానికి లేచేది ఆ దగ్గు విని. గుంటూరులో మిర్చి కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేరినప్పుడు వాడికి ఇరవై రెండేళ్ళు. ఆరో ఏడు వచ్చేసరికి రాత్రిపూట గోడకు చేరగిలబడి, కూర్చునే నిద్రపోయేవాడు. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు.

ఆస్పత్రిలో డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. క్షయ కాదన్నాడు. అమ్మ అక్కడే చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఆ తరువాత ఆయన అన్న మాట అమ్మ చెవికి ఎక్కలేదు గానీ నాకు ఎక్కింది.

"ఆ మిర్చి దుమ్ము, ఆ కోరు నీ ఊపిరితిత్తులకి పడటం లేదయ్యా. మందు ఇస్తాను, వేసుకో. కానీ మళ్ళీ ఆ కొట్లోకే వెళ్ళి కూర్చుంటే నేను ఎంత మందిచ్చీ దండగే. పని మార్చుకో."

పని మార్చుకోవడం అనే మాట మా ఇంట్లో అంతవరకు ఎవరూ వినలేదు. నాన్న ప్రత్తిపాడులో పత్తి వ్యాపారి దగ్గర పద్దులు రాసి, ఆ పద్దుల ముందే కన్ను మూశాడు. ఆయన పోయాక మేం గుంటూరు వచ్చి పాత ఊళ్ళో ఒక పెంకుటింట్లో రెండు గదుల వాటా తీసుకున్నాం. నేను ఎస్సెస్సెల్సీ అయ్యాక ఇంట్లోనే ఉండిపోయాను. పగలు అమ్మకు సాయం, సాయంత్రం గ్రంథాలయం నుంచి అన్నయ్య తెచ్చిన పుస్తకం, పడుకునే ముందు డైరీలో నాలుగు వాక్యాలు. అన్నయ్య తప్ప నాతో మాట్లాడేవాళ్ళు తక్కువ. నేను మాట్లాడేవాళ్ళు ఇంకా తక్కువ.

మా వాటా పక్కనే రోడ్డు వైపు గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. దాన్ని నడిపే మాస్టారు సాయిబు. నెరిసిన గడ్డం, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. ఒకప్పుడు మద్రాసులో ఏదో పెద్ద కంపెనీలో స్టెనోగా చేసి వచ్చాడు. అన్నయ్య రెండేళ్ళుగా సాయంత్రాలు ఆయన దగ్గర టైపు నేర్చుకుని లోయరు పరీక్ష పాసయ్యాడు. కొట్లో తువ్వాలు కింద బేరగాళ్ళ వేళ్ళు నొక్కి ధర చెప్పే చెయ్యి అది. మొదట్లో మీటల మీద ఊరికే బరువుగా పడేదని మాస్టారు వేళాకోళం చేసేవాడు.

"అవి క్వింటాళ్ళు కావు బాబూ, అక్షరాలు. నెమ్మదిగా."

కొట్టు మానేస్తానని అన్నయ్య మొదట చెప్పింది ఆయనకే. జూన్ నెల చివర, మిర్చి సీజను అయిపోయి కొట్లో గోతాలు దులుపుతున్న రోజులు. మాస్టారు వెంటనే మంచిదనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఇన్‌స్టిట్యూట్ మూసేశాక మా అరుగు మీదికి వచ్చి కూర్చుని, "ఎంత దాచావు?" అన్నాడు.

అన్నయ్య మొహం చిన్నబోయింది. అలాంటి సంగతి ఎవరూ ఎవరినీ మొహం మీద అడగరు.

"సిగ్గుపడకు. నేను అప్పడగడానికి రాలేదు. ఉద్యోగం వెతకడం అంటే రోడ్డు మీద నడవడం కాదు, బావిలో ఊపిరి బిగబట్టి దిగడం. ఎంతసేపు బిగబట్టగలవో తెలుసుకోకుండా దిగకూడదు."

పోస్టాఫీసు పుస్తకంలో ఆరు వందల ఇరవై ఉన్నాయని అన్నయ్య చెప్పాడు. కొట్టు షావుకారు లెక్క తేల్చి ఇస్తే ఇంకో వంద వస్తుంది. మొత్తం ఏడు వందల ఇరవై.

"అందులో నూట ఇరవై ముట్టుకోవద్దు. రైలు ఛార్జీలకీ, జ్వరాలకీ. అది లేదనుకో. మిగిలింది ఆరు వందలు. ఇంటి ఖర్చు నెలకి ఎంత?"

అన్నయ్య నా వైపు చూశాడు. ఇంటి ఖర్చు రాసేది నేనే. లోపలికి వెళ్ళి డైరీ తెచ్చాను. ఏప్రిల్, మే, జూన్ నెలల ఖర్చు కూడి చూశాను. అద్దె, పాలు, కూరలు, కట్టెలు, కిరసనాయిలు, నూనె, చాకలి, అన్నయ్య మందు. ఒక నెల యాభై ఎనిమిది, ఒక నెల అరవై రెండు, ఒక నెల అరవై. మూడింటికీ సగటు అరవై. కాగితం మీద రాసి అన్నయ్యకు అందించాను.

"అమ్మాయి లెక్క ముత్యంలా ఉంది," అన్నాడు మాస్టారు. "అమ్మా, మీరేమంటారు? నెలకి అరవై సరిపోతుందా?"

తలుపు వెనక నుంచి అమ్మ, "పొదుపుగా చూసుకుంటే సరిపోతుందండీ," అంది.

"అయితే పది నెలలు. జూలై నుంచి ఏప్రిల్ ఆఖరుకి. ఇప్పుడు ఇది విను బాబూ, అందరూ ఇక్కడే పొరపాటు చేస్తారు. పది నెలలూ నీకు నచ్చిన పనే వెతుకుతూ కూర్చుంటావు. తొమ్మిదో నెలలో భయం పుట్టి ఏ పనైనా సరే, ఏ ఊరైనా సరే అని కాగితాలు పంపుతావు. ఆ కాగితాలకి జవాబు రావాలంటే ఎన్నాళ్ళు పడుతుంది? దరఖాస్తు చేరడానికి, పిలవడానికి, పరీక్షకి, ఆర్డరు చేతికి రావడానికి? తక్కువలో తక్కువ మూడు నెలలు. అంటే నువ్వు వల పెద్దది చేసే రోజు డబ్బు అయిపోయే రోజు కాదు. దానికి మూడు నెలల ముందు. పొరపాట్లకి ఇంకో నెల వేసుకో. జనవరి ఒకటి."

జనవరి ఒకటి. అన్నయ్య ఆ మాటను లోపల్లోపల అనుకోవడం నేను చూశాను.

అప్పటిదాకా గుంటూరులోనే, టైపిస్టు పని మాత్రమే. సర్కారు నౌకరీకి వయసు దాటిపోయింది గనుక పొగాకు కంపెనీలు, నూనె మిల్లులు, లాయర్ల ఆఫీసులు. జనవరి ఒకటి నుంచి బెజవాడ, హైదరాబాదు, మద్రాసు, ఇంకా ఎక్కడైనా సరే. టైపిస్టే కాదు, స్టోర్సు గుమాస్తా, టైమ్‌కీపరు, జీతం తక్కువైనా సరే. ఒక్కటి తప్ప. మిర్చి కొట్టు మాత్రం వద్దు.

"ఆ తారీఖు గోడ మీద రాసుకో. రేపు నీకు తెలిసినవాడెవడో వచ్చి, ఇంకో పదిహేను రోజులు ఆగు, మా ఆఫీసులో ఖాళీ వస్తుంది అంటాడు. ఆగకు," అన్నాడు మాస్టారు.

మాస్టారు వెళ్ళాక అమ్మ బయటికి వచ్చి, "ఆయన పెద్దమనిషేరా, కాదన్ను. కానీ పది నెలలు జీతం లేకుండా కూర్చోడాన్ని ఇంత వివరంగా చెప్పడం నేనెక్కడా వినలేదు," అంది. అన్నయ్య చాలా రోజుల తరువాత నవ్వాడు. నవ్వు దగ్గులోకి మళ్ళింది.

మొదటి నెలల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అన్నయ్య ఎంప్లాయిమెంట్ ఎక్స్‌ఛేంజిలో పేరు రాయించుకున్నాడు. రోజూ పొద్దున్నే తల దువ్వుకుని బయటికి వెళ్ళేవాడు. కొట్టు మానేశాక వాడు మొదటిసారి పడుకుని నిద్రపోయిన రాత్రి నేను డైరీలో ఒక్క వాక్యమే రాశాను. అమ్మ లేచి రెండుసార్లు వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

దసరా దాటాక ఒక పొగాకు కంపెనీ వాళ్ళు పరీక్షకు పిలిచారు. టైపు కొట్టించారు. తప్పులు లేవన్నారు. తరువాత లోపలి గదిలో మేనేజరు ముందు కూర్చోబెట్టారు. అక్కడ పొగాకు ఘాటుకు అన్నయ్యకు దగ్గు తెర వచ్చింది. ఆగలేదు. మేనేజరు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడట.

"ఏమైంది?" అని అమ్మ అడిగితే, "మంచినీళ్ళు ఇచ్చారమ్మా, మంచివాళ్ళు," అన్నాడు అన్నయ్య. అంతకుమించి ఆమెకు చెప్పలేదు. వారం తరువాత మా వీధిలోనే ఒకామె నీళ్ళ పంపు దగ్గర అమ్మను, "మీవాడికి అదేదో జబ్బట గదా," అని అడిగింది. అమ్మ బిందె అక్కడే వదిలేసి వచ్చింది. నేను వెళ్ళి తెచ్చుకున్నాను. గుంటూరులో ఆఫీసుల సంఖ్య ఎంత తక్కువో, ఒకరి మాట ఇంకొకరికి ఎంత త్వరగా చేరుతుందో నాకు అప్పుడు తెలిసింది.

డిసెంబరులో నూనె మిల్లు అకౌంటెంటు ఒకాయన, మాస్టారు చెప్పినట్టే, ఇంకో పదిహేను రోజులు ఆగమన్నాడు. మా గుమాస్తా రిటైరవుతున్నాడు, నీ పేరు చెప్పాను అన్నాడు. ఆ ఖాళీ ఎన్నడూ మా దాకా రాలేదు. అన్నయ్య ఆగలేదు. అది నేను ఇక్కడ రాసి తీరాలి. వాడు తారీఖు తప్పలేదు. జనవరి ఒకటో తారీఖున ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా దరఖాస్తులు కొట్టాడు. బెజవాడకు, హైదరాబాదుకు, మద్రాసుకు, ఎక్కడో కొండల పక్కన కొత్తగా పెట్టిన ఒక సిమెంటు ఫ్యాక్టరీకి. కవర్లకు నేను స్టాంపులు అంటించాను. మాస్టారు ఒక్కొక్క కాగితం వెలుతురుకు పెట్టి చూసి, "ఇక నాలుగు నెలలు నీవి. హాయిగా ఊపిరి పీల్చుకో," అన్నాడు.

ఆ వారంలోనే వడ్ల బండి వచ్చింది.

ఏటా వచ్చేదే. తెనాలి వైపు రైతు ఒకాయన నాన్న నాటి నుంచి మాకు ఏడాదికి సరిపడా వడ్లు తోలేవాడు. కోతలు నూర్పులు అయ్యాక బండి మా గుమ్మం ముందు ఆగేది, బస్తాలు దిగేవి, అమ్మ లోపలి నుంచి డబ్బు తెచ్చి ఇచ్చేది. ఆ ఏడూ అలాగే ఆగింది. రైతు ఎద్దుల మెడలు నిమురుతూ, "అమ్మాయిగోరూ, అమ్మగోరిని పిలవండి," అన్నాడు.

అమ్మ బయటికి రాకుండా అన్నయ్యను లోపలికి పిలిచింది. "నూట ముప్పై ఇవ్వరా."

"దేనికి?"

"దేనికేంటి, వడ్లకి. తినొద్దూ?"

అన్నయ్య నన్ను చూశాడు. నేను డైరీ తీయలేదు. తీయక్కర్లేదు. ఏప్రిల్, మే, జూన్. ఆ మూడు నెలల్లో వడ్లు లేవు. గాదెలో అప్పటికే ఉన్నాయి గనుక లేవు. చింతపండు లేదు, మాఘంలో కొని కుండలకు ఎత్తింది అమ్మ. కందిపప్పు లేదు. ఎండుమిరపకాయలు ఏ నెలలోనూ ఎప్పుడూ లేవు. కొట్లో మచ్చుకు కోసిన బస్తాల్లోంచి గుమాస్తాలకు తలా ఇన్ని కాయలు ఇచ్చేవాళ్ళు. ఏడాది పొడుగునా మా ఇంటి కారం కొట్టుదే.

"నెలకి అరవై అని నువ్వే గదమ్మా అన్నావు?" అన్నాడు అన్నయ్య. వాడి గొంతు చాలా మెల్లగా ఉంది.

"అవును, అరవయ్యే. ఆయన నెల ఖర్చు ఎంతని అడిగాడు, నెల ఖర్చు చెప్పాను. ఏడాది సరుకులు నెల ఖర్చు ఎట్లా అవుతాయిరా? వడ్లు ఎవరైనా నెలనెలా కొంటారా?"

అమ్మ అన్నది నిజమే. మా వైపు ఎవరూ అలా లెక్క వేయరు. నెల ఖర్చు అంటే చేతిలోంచి రోజూ పోయేది. ఏడాది సరుకు అంటే ఇల్లు. దాన్ని ఖర్చు అని ఎవరూ అనరు, కొనడం అని కూడా అనరు, వేసుకోవడం అంటారు. వడ్లు వేసుకున్నాం, చింతపండు వేసుకున్నాం. మద్రాసులో అద్దె గదిలో ఉండి హోటల్లో తిన్న మాస్టారుకు ఆ మాట తట్టలేదు. ఏటా ఆ గాదె నిండడం చూస్తూ పెరిగిన మా ముగ్గురికీ తట్టలేదు.

"ఇంకా ఏమేం కావాలి?" అన్నాడు అన్నయ్య.

అమ్మ చెప్పింది. కంది, చింతపండు, మిరపకాయలు, వేసవిలో ఆవకాయకి మామిడికాయలు, నూనె. నేను కూడి చూశాను. వడ్లతో కలిపి రెండు వందల నలభై. పోస్టాఫీసులో ముట్టుకోవచ్చన్న డబ్బులో మిగిలింది కూడా సరిగ్గా రెండు వందల నలభయ్యే. ఆరు నెలలకు అరవై చొప్పున మూడు వందల అరవై ఖర్చు పెట్టాం. పుస్తకంలో ఒక తప్పూ లేదు.

రెండు వందల నలభైని పన్నెండు నెలలకు పంచితే నెలకి ఇరవై. అంటే మా నెల ఖర్చు అరవై కాదు, ఎనభై. ఆరు వందలకు పది నెలలు రావు, ఏడున్నర వస్తాయి. ఫిబ్రవరి సగానికి ఆఖరు. దానికి మూడు నెలలు వెనక్కి వెళితే నవంబరు సగం. మాస్టారు పొరపాట్లకు వేసిన నెల కూడా వేస్తే అక్టోబరు. అన్నయ్య ఆ దరఖాస్తులు దసరా రోజుల్లో కొట్టి ఉండవలసింది.

వీధిలో రైతు ఎద్దుల్ని అదిలిస్తూ, "ఏమండోయ్, దించమంటారా?" అని కేకేశాడు.

అన్నయ్య బయటికి వెళ్ళాడు. ఏం చెప్పాడో నాకు వినిపించలేదు. రైతు మాట మాత్రం వీధంతా వినిపించింది. "అయ్యో, డబ్బు తరువాతైనా ఇద్దురు గానీ! ఇన్నేళ్ళ నుంచి పోస్తన్నా, బండి వెనక్కి తోలుకుపొమ్మంటారేందండీ?"

అన్నయ్య అరువు ఒప్పుకోలేదు. తీర్చే దారి కనిపించకుండా ఎలా తీసుకుంటానన్నాడు. బండి వెనక్కి తిరగడానికి మా సందు చాలదు. ఎద్దుల్ని విప్పి, బండిని చేత్తో తిప్పి, మళ్ళీ కట్టవలసి వచ్చింది. అంతసేపూ ఇరుగుపొరుగు గుమ్మాల్లో నిలబడి చూశారు. అమ్మ వంటింట్లో గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఆ సాయంత్రం అన్నయ్య మాస్టారుకు సంగతి చెప్పాడు. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నేను అడగాల్సింది బాబూ. ఏడాదికొకసారి వచ్చేవి ఏమున్నాయని అడగాల్సింది. నా బుర్రకి రాలేదు."

"మాకే రాలేదు గదండీ."

"ఇప్పుడేం చేస్తావు?"

"బియ్యం కొట్లో వారం వారం కొనుక్కుంటాం. ఉన్నదాన్ని లాగిస్తాను. జవాబులు రావాలి."

వారం వారం కొన్న బియ్యం ఎక్కువ ధర. కారం కూడా కొనవలసి వచ్చింది. గుంటూరులో ఉంటూ కొట్లో మిరపకాయలు కొలిపించుకోవడం అమ్మకు ఎంత చిన్నతనమో, ఆమె కాయలు కొంగు కింద దాచి తేవడంలో తెలిసేది. నెలకు ఎనభై అయిదుకు తగ్గలేదు. నేను పక్క వాటాలో ఇద్దరు ఆడపిల్లలకు చదువు చెబుతానని అడగాలని మూడు రోజులు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను. నాలుగో రోజు అమ్మే అడిగిపెట్టింది. ఇద్దరికీ కలిపి నెలకు ఆరు రూపాయలు. అది రెండు వారాల బియ్యానికైనా సరిపోయేది కాదు.

ఫిబ్రవరిలో బెజవాడ నుంచి పిలుపు వచ్చింది. వెళ్ళి వచ్చాడు. మళ్ళీ రమ్మన్నారు, మళ్ళీ వెళ్ళాడు. ఖాళీ ఒక్కటే, తెలిసినవాడికి ఇచ్చారు. హైదరాబాదుకు వెళ్ళి రెండు రోజులు ఉండి వచ్చాడు. అక్కడ షార్ట్‌హ్యాండు కూడా కావాలన్నారు. వల పెద్దది చేస్తే దాన్ని లాగడానికి కూడా ఖర్చవుతుందని అప్పుడు తెలిసింది. ముట్టుకోకూడని నూట ఇరవై ఆ రైళ్ళకూ, నడుమ అమ్మకు వచ్చిన విషజ్వరానికీ పోయింది. మార్చి సగం అయ్యేసరికి పోస్టాఫీసు పుస్తకంలో ఖాతా తెరిచి ఉంచడానికి కావలసిన డబ్బు తప్ప లేదు.

ఆ రోజు అన్నయ్య అన్నం ముందు కూర్చుని, "కొట్టుకి వెళ్తున్నానమ్మా," అన్నాడు.

అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "ఆ డాక్టరు..."

"డాక్టరు అన్నం పెట్టడు గదే."

అమ్మతో వాడు 'గదే' అని మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. అమ్మ కోప్పడలేదు.

సీజను మంచి ఊపులో ఉంది. షావుకారు వెంటనే తీసుకున్నాడు. కానీ గుమాస్తా కూర్చునే గాదీ మీద అప్పటికే ఇంకొకతను ఉన్నాడు. అన్నయ్యను గోదాము వైపు పంపారు, కాటా దగ్గర. బస్తాలు విప్పేదీ, కాయలు కుప్ప పోసేదీ అక్కడే. పాత జీతం తొంభై. ఇప్పుడు ఎనభై. రెండు నెలల జీతం ముందుగా ఇచ్చాడు, సీజను అయ్యేదాకా కదలకూడదన్న మాట మీద. ఆ డబ్బుతో అమ్మ వడ్లు కొంది. అదే రైతు, అదే బండి. ఈసారి ధర పెరిగింది.

వారం తిరక్కుండానే అన్నయ్య మళ్ళీ గోడకు చేరగిలబడి నిద్రపోవడం మొదలుపెట్టాడు.

ఏప్రిల్‌లో సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళ కవరు వచ్చింది. జనవరి ఒకటిన పంపిన దరఖాస్తుకు. స్టోర్సులో టైపిస్టు, నెలకు నూట పది, క్వార్టర్సు ఇస్తారు. ఫలానా రోజున అసలు సర్టిఫికెట్లతో సొంత ఖర్చు మీద హాజరు కావలెను. అన్నయ్య అది చదివి నాకిచ్చాడు. నేను చదివి మళ్ళీ వాడికిచ్చాను. మూడు నెలలు పడుతుందన్నారు మాస్టారు. కొంచెం ఎక్కువే పట్టింది.

అన్నయ్య షావుకారును సెలవు అడగడానికి వెళ్ళిన రోజున నేను అక్కడే ఉన్నాను. వాడు మందు మరిచిపోతే అమ్మ ఇచ్చి రమ్మంది. నేను ముక్కుకు పవిటకొంగు అడ్డం పెట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డాను. లోపల ఎర్రటి దుమ్ము ఎండ చారల్లో ఆడుతోంది. కూలీలు బస్తాలు మోస్తూ తుమ్ముతున్నారు, ఒకర్నొకరు తిట్టుకుంటూ నవ్వుతున్నారు.

"మూడు రోజులా? సీజనులోనా?" షావుకారు పద్దు మీద నుంచి తలెత్తలేదు. "ఏమయ్యా, పెళ్ళా?"

"కాదండీ. ఇంటర్వ్యూ."

అప్పుడు తలెత్తాడు. కోపంగా లేడు. అదే నాకు ఇంకా గుర్తు. "నా అడ్వాన్సు నాకిచ్చేసి వెళ్ళవయ్యా. నువ్వు ఆ ఫ్యాక్టరీకి మేనేజరువైనా నాకు సంతోషమే. మూడు రోజులు కాటా దగ్గర మనిషి లేకపోతే రైతులు నన్ను బతకనిస్తారా?"

"మళ్ళీ వచ్చేస్తానండీ."

"ఉద్యోగం వస్తే మళ్ళీ ఎందుకొస్తావు?"

పక్కనున్న కూలీ ఒకడు, "అదీ మాట!" అని నవ్వాడు. అన్నయ్య కూడా కాస్త నవ్వాడు. అడ్వాన్సు గాదెలో వడ్లుగా ఉంది. దాన్ని తెచ్చి ఇవ్వడం ఎలా? మాస్టారును అడుగుదామని నేను ఆ రాత్రి అన్నాను. నేను అలాంటి మాట అనడం వాడికి వింతగా తోచినట్టుంది. "ఆయన ఇన్‌స్టిట్యూట్ అద్దె ఆయనే రెండు నెలలు బాకీ ఉన్నాడు. నాకు తెలుసు. అడిగితే ఎక్కడో తెచ్చి ఇస్తాడు. అందుకే అడగను."

సీజను అయ్యాక ఏ రోజు రమ్మన్నా వస్తాను, దయచేసి ఇంకో తారీఖు ఇవ్వండి అని అన్నయ్య ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని ఫ్యాక్టరీకి ఉత్తరం కొట్టాడు. ఒక్క తప్పు లేకుండా, అంచులు సమంగా. మాస్టారు ఫీజు తీసుకోలేదు. ఆ కాగితానికి జవాబు రాలేదు. అన్నయ్య పోస్టుమాను కోసం చూడటం మేలో మానేశాడు. నేను జూన్ దాకా చూశాను.

జూన్ చివర కొట్లో పని పలచబడింది. ఒక ఆదివారం అరుగు మీద కూర్చున్నాం. అన్నయ్య చాలాసేపు దగ్గి, తుండుతో మూతి తుడుచుకుని, "ఏమే, ఒకసారి లెక్క వెయ్యి. ఈసారి అన్నీ వేసి," అన్నాడు.

"ఏం లెక్క?"

"మళ్ళీ ఒక ఎనిమిది నెలలు బయట ఉండి వెతకాలంటే ఎంత కావాలి, అది దాచడానికి ఎన్నేళ్ళు పడుతుంది. వడ్లు, చింతపండు, మిరపకాయలు అన్నీ వెయ్యి. మందు కూడా."

నేను డైరీ తెచ్చుకుని వేశాను. కావలసింది చెప్పడం సులువే. ఎనిమిది నెలలకు ఎనభై చొప్పున ఆరు వందల నలభై, పైన రైళ్ళకూ జబ్బులకూ ఇంకో నూట యాభై. రెండో సగం దగ్గర ఆగిపోయాను. అంతకు ముందు జీతం తొంభై, ఖర్చు ఎనభై, నెలకు పది మిగిలేది. ఆ ఆరు వందల ఇరవై అలా కూడినదే, అయిదేళ్ళు పట్టింది. ఇప్పుడు జీతం ఎనభై. అడ్వాన్సు కింద షావుకారు పట్టుకునేది పోతే అది కూడా చేతికి రాదు. నేను చదువు చెప్పి తెచ్చే ఆరు రూపాయలు ఆ లోటులోనే పోతున్నాయి.

పెన్సిలు పట్టుకుని ఇంకెక్కడైనా తగ్గించవచ్చా అని మళ్ళీ మొదటి నుంచి చూశాను. అద్దె, పాలు, కట్టెలు. అమ్మ అప్పటికే పాలు సగం చేసింది.

"ఎన్నేళ్ళు?" అన్నాడు అన్నయ్య.

నేను పెన్సిలు కింద పెట్టాను.

"ఎక్కువా?"

"ఏమీ మిగలట్లేదన్నయ్యా. ఏళ్ళు లెక్కెయ్యడానికి ఏమీ లేదు."

వాడు డైరీ తీసుకుని అంకెలు ఒక్కొక్కటి వేలితో చూసుకుంటూ కిందికి వచ్చాడు. అద్దె దగ్గర కాసేపు ఆగాడు. తరువాత, "ఈసారి కరెక్టుగానే వేశావు," అని పుస్తకం నా ఒళ్ళో పెట్టాడు.

లోపల అమ్మ ఆ ఏటి ఆవకాయ జాడీకి గుడ్డ కడుతూ, కారం తక్కువైందేమో, చూడమని నన్ను పిలిచింది. నేను లేచి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అన్నయ్య చొక్కా తొడుక్కుని ఉన్నాడు. ఆదివారమైనా గోతాలు దులపడానికి రమ్మన్నారట. దులిపితే రోజుకు రూపాయి అదనం.